జమా, ఖర్చు, తేలిన నిల్వ

కిందటి ఆదివారం మా అపార్ట్‌మెంటు సంఘం వార్షిక సమావేశం జరిగింది. సెల్లార్‌లో కుర్చీలు వేశారు. కోశాధికారి, ముప్ఫై దాటని కుర్రాడు, లేచి నిలబడి, "లెక్కలు నిన్ననే గ్రూపులో పెట్టాను, అందరూ చూసే ఉంటారు. సందేహాలుంటే అడగండి" అన్నాడు. ఎవరూ అడగలేదు. ఒకరు ప్రతిపాదించారు, ఇంకొకరు బలపరిచారు, లెక్కలు ఆమోదం పొందాయి. గడియారం చూశాను. మొత్తం నాలుగు నిమిషాలు. ఆ తర్వాత గంటన్నర కార్లు ఎవరు ఎక్కడ పెట్టుకోవాలన్న దాని మీదే మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చి ఫోనులో ఆ ఫైలు తెరిచాను. అంకెలు చక్కగా వరస కట్టి ఉన్నాయి. కూడికలో తప్పుండే అవకాశమే లేదు. అయినా ఏదో వెలితి. కాసేపటికి తెలిసింది, ఆ అంకెల వెనక నాకు ఎవరి గొంతూ వినపడటం లేదు. పద్దుల పట్టికని ఒక మనిషి నిలబడి, వేలు పెట్టి చూపిస్తూ, పైనుంచి కిందిదాకా నడిపించుకుపోవడం నేను విని ఎన్నేళ్లయిందో!

*

మా ఊరు కొమ్మమూరు కాలువ గట్టు మీద ఉంటుంది. తెనాలి ప్రాంతపు కాలువల మీదే 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. ఆ గాలి మా ఊరికీ తగిలిందేమో, నేను పుట్టకముందే అక్కడో గ్రంథాలయం వెలిసింది. రెండు గదులు, ఒక అరుగు. 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం దాన్ని నడిపేది. అధ్యక్షుడు, కార్యదర్శి ఎన్నికలకి మారుతుండేవారు గానీ కోశాధికారి మాత్రం మా పెదనాన్నే. వడ్లమిల్లులో గుమాస్తాగిరీ చేసిన మనిషి. జీతం లేని ఆ పనికి మిల్లు లెక్కలకంటే ఎక్కువ భయపడేవాడు.

ఆయన సరంజామా అంతా ఒక రేకు పెట్టెలో ఇమిడేది. ఏ రోజుకారోజు రాసే చిట్టా, దాన్నుంచి పద్దుల వారీగా ఎక్కించే ఆవర్జా, నకలు ఉండే రశీదు పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్కు, తీగకి గుచ్చిన వోచర్లు. ఆ తీగ కదిపితే ఎండు తాటాకుల చప్పుడు వచ్చేది. చేతిలో యాభై రూపాయలకి మించి నగదు ఉంచుకోకూడదని నిబంధన. మించితే మర్నాడే బ్యాంకులో వేసి రావాలి. వెయ్యడానికి ఒక్కడే చాలు. తియ్యాలంటే కార్యదర్శి సంతకమూ ఉండాలి.

మార్చి 31న చిట్టా మూసేవాడు. అసలు పని అప్పుడు మొదలు. మహాజన సభ ఉగాదయ్యాక ఏదో ఒక ఆదివారం ఉండేది, దానికి ముందు మూడు రాత్రులు మా ఇంట్లో లాంతరు ఆరేది కాదు. "ఎనిమిదీ ఏడూ పదిహేను, అయిదు వేసి ఒకటి మీదికి" అంటూ పైనుంచి కిందికి ఓసారి, అదే వరసని కిందినుంచి పైకి ఇంకోసారి కూడేవాడు. ఒకే దారిన రెండుసార్లు పోతే చేసిన తప్పే మళ్లీ చేస్తామని ఆయన నమ్మకం.

ఒక రాత్రి రెండు వైపులకీ ఇరవై ఏడు రూపాయలు తేడా వచ్చింది. నేను పక్కనే కూర్చుని ఉన్నా. ఆయన వోచర్ల జోలికి వెళ్లలేదు. "ఇరవై ఏడు తొమ్మిదితో పోతుందా లేదా?" అని అడిగాడు. పోతుందన్నా. "అయితే డబ్బు పోలేదురా అబ్బాయ్. ఎక్కడో అంకెలు అటుదిటు అయినాయి. రెండంకెల మధ్య మూడు తేడా ఉండేది వెతుకు." వెతికితే బైండింగు పద్దులో దొరికింది. చిట్టాలో 63 ఉన్నది ఆవర్జాలోకి 36గా ఎక్కింది. పదుల స్థానం, ఒకట్ల స్థానం తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే అవుతుంది. దాన్ని తొమ్మిదితో భాగిస్తే వచ్చేది ఆ రెండంకెల మధ్య తేడా. తర్వాత కాలేజీలో కామర్స్ చదివాను గానీ, ఆ లాంతరు వెలుగులో తెలిసినంత గట్టిగా ఏదీ తెలియలేదు.

లెక్క కుదిరాక పట్టిక రాసే పని నాది. పెద్ద డ్రాయింగు షీటు నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు పెట్టి, ఎడమ వైపు వసూళ్లు, కుడి వైపు చెల్లింపులు రాయాలి. చివరి బెంచీ వాళ్లకి కనపడేంత లావుగా. పైసలకి విడిగా ఒక గడి. కొట్టివేత ఒక్కటి పడినా షీటు మార్చాల్సిందే. సభలో కొట్టివేత కనపడితే ముందు దాని గురించే అడుగుతారని ఆయన భయం.

*

సభ సాయంత్రం మొదలయ్యేది. బడి నుంచి తెచ్చిన బెంచీలు గచ్చు మీద కీచుమనేవి. కార్యదర్శి నివేదిక చదివేటప్పుడు జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. పెదనాన్న లేచి కండువా సర్దుకుని, వెదురుబెత్తం అందుకుని షీటు దగ్గరికి నడిచేసరికి మాటలు ఆగిపోయేవి. డబ్బు సంగతి కదా అనుకోవచ్చు. కానీ అసలు కారణం, ఆయన ప్రతి పద్దునీ వాళ్లకి తెలిసిన వస్తువుగా మార్చి చెప్పడం.

"పాత పత్రికలు అమ్మగా వచ్చింది, నూట అరవై అయిదు రూపాయలు" అని ఊరుకునేవాడు కాదు. "మనకి నాలుగు దినపత్రికలు వస్తాయి. ఒక్కోటి డెబ్భై గ్రాములు. ఏడాదికి నూరు కిలోల కాగితం. కిలో రూపాయి అరవై అయిదు చొప్పున అమ్మాం. వారపత్రికలు అమ్మలేదు, బైండు చేయించాం. ఆ ఖర్చు కుడి వైపు అయిదో వరసలో ఉంది, అక్కడికి వెళ్లినప్పుడు చెబుతా." కిరాణా కొట్టాయనకి కాగితం ధర తెలుసు, తల ఊపేవాడు. నలభై కిలోల డబ్బే కనిపించి ఉంటే ఆయన తల ఊపేవాడు కాదు. మిగిలిన అరవై కిలోలు ఎవరింటికి పోయాయని అడిగేవాడు. అంకె నిజమా కాదా అని తేల్చడానికి ఆడిటరొక్కడే చాలడు. ఆ వస్తువుతో రోజూ పనిపడే మనిషి ఎదురుగా ఉండాలి.

నాకు బాగా గుర్తున్నది రేడియో గొడవ జరిగిన ఏడాది. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గరుంది, అంచులు పసుపురంగుకి తిరిగాయి.

ఆ ఏడు ప్రారంభ నిల్వ 850 రూపాయలు. ఏడాదిలో వచ్చింది 3,680. ఖర్చయింది 2,570. తేలిన నిల్వ 1,960. ఏడాది తిరిగేసరికి నిల్వ రెండింతలు దాటిందన్నమాట. పట్టిక అడుగున ఆ అంకె చూడగానే ముందు బెంచీలో చప్పట్లు మోగాయి. మిలిటరీలో పనిచేసి వచ్చినాయన ఒకరు లేచి, "ఇంత డబ్బు మూలుగుతోంది. పన్నెండు వందలు పెట్టి మంచి రేడియో కొందాం. సాయంత్రం వార్తలు అరుగు మీద అందరూ వింటారు" అన్నారు. కుర్రాళ్లంతా ఆయన వైపే. నేనూ మనసులో ఆయన వైపే.

పెదనాన్న కాదనలేదు. అవుననలేదు. సుద్దముక్క తీసుకుని పక్కనున్న నల్లబల్ల మీద 1,960 అని రాశాడు. బెత్తం వెనక్కి, షీటు ఎడమ వైపుకి తీసుకెళ్లాడు.

"ఇక్కడ విరాళాల కింద తొమ్మిది వందలు విడిగా రాసి ఉంది చూడండి. అది ఒక దాత తల్లి పేరున ఇనప బీరువా కోసం ఇచ్చిన సొమ్ము. బీరువా గుంటూరు నుంచి ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆ డబ్బు మన దగ్గర దాచుకోమని ఇచ్చినట్టే." బల్ల మీద తీసివేశాడు. 1,060.

"చందాల కింద 1,440 ఉంది. అందులో పదిమంది వచ్చే ఏడాదికి ముందే కట్టేశారు, తలకి పన్నెండు రూపాయలు. ఆ నూట ఇరవై మనం ఇంకా సంపాదించలేదు. వచ్చే ఏడాదంతా వాళ్లకి పత్రికలు వేస్తేనే మనది." 940.

బెత్తం కుడి వైపుకి వచ్చింది. "పత్రికలకి తొమ్మిది వందలు ఇచ్చాం. నెలకి నూరు. తొమ్మిది వందలంటే తొమ్మిది నెలలే. జనవరి, ఫిబ్రవరి, మార్చి బిల్లు ఏజెంటుకి ఇంకా బాకీ. ఈ పట్టికలో అది కనపడదు, ఎందుకంటే డబ్బు ఇంకా చెయ్యి దాటలేదు." 640.

అక్కడికి సభ నిశ్శబ్దమైపోయింది. ఇంకొకటి మిగిలింది. ఇద్దరు శాశ్వత సభ్యులు ఇచ్చిన అయిదు వందలు. "ఇది కూడా రాబడే కదా?" అని మిలిటరీ ఆయన అడిగారు. దానికి పెదనాన్న చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మాటలతో సహా గుర్తు. "మన నిబంధనల్లో శాశ్వత సభ్యత్వం రెండు వందల యాభై అని ఎందుకు రాశారు బాబుగారూ? అయిదు శాతం వడ్డీకి అది ఏడాదికి పన్నెండున్నర తెస్తుంది. మామూలు చందా పన్నెండు. ఆ సభ్యుడు మళ్లీ జన్మంతా కట్టడు. ఆయన తరఫున కట్టేది ఆ వడ్డీ. అసలు తినేస్తే ఆయన చందా ఎవరు కడతారు?" అయిదు వందలు కొట్టేసి కింద గీత గీశాడు.

140.

రేడియో మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మిలిటరీ ఆయనే ముందుగా నవ్వి, "బ్యాటరీలు వస్తాయిలెండి" అని కూర్చున్నారు.

*

ఆ సాయంత్రం అంతటితో ఆగలేదు. పెదనాన్న రెండో షీటు తగిలించాడు. మొదటిది వసూళ్లు, చెల్లింపులు. రెండోది ఆదాయం, వ్యయం. చాలా సంఘాలు మొదటిదానితోనే సరిపెట్టేవి, ఇప్పటికీ సరిపెడుతున్నాయి. మొదటిది డబ్బాలో చప్పుడు ఎంతో చెబుతుంది. ఈ ఏడాది బతుకు ఈ ఏడాది సంపాదనతో గడిచిందా లేదా అన్నది రెండోదాంట్లోనే తెలుస్తుంది.

రెండో పట్టికలోకి ఈ ఏటివి మాత్రమే రావాలి. 1,440 చందాల్లోంచి కిందటేటి పాత బకాయిగా వచ్చిన 180, వచ్చే ఏటి 120 పోయాయి. ఇంకా కట్టాల్సిన ఇరవైమంది తాలూకు 240 చేరింది. బీరువా డబ్బు, శాశ్వత సభ్యత్వం రాలేదు. అన్నీ కలిపి ఆదాయం 2,220. వ్యయంలో కొన్న పుస్తకాల 620 రాలేదు, అది ఆస్తి. ఏజెంటు బాకీ 300 వచ్చింది. చివర ఒక కొత్త వరస, తరుగుదల, 150.

దాని దగ్గర టీచరమ్మ ఒకావిడ లేచారు. సభలో ఉన్న ముగ్గురు ఆడవాళ్లలో ఆవిడ ఒకరు. "ఈ నూట యాభై ఎవరికిచ్చారండీ?"

"ఎవరికీ ఇవ్వలేదమ్మా. మన బల్లల కాళ్లు ఊగుతున్నాయి, పుస్తకాల అట్టలు ఊడుతున్నాయి. ఏడాదికి ఇంతని అరిగిపోతోంది. ఒకేసారి కొత్తవి కొనాల్సినప్పుడు గుండె ఆగకుండా, అరిగినంత ఏడాదికేడాది రాసుకోవడం."

వ్యయం 2,400. లోటు 180. నిల్వ రెండింతలైన ఏడాదే మా గ్రంథాలయం నష్టంలో నడిచిందని ఊరంతా అక్కడే కూర్చుని తెలుసుకుంది. "ఆ ఇరవైమందీ కట్టకపోతే లోటు నాలుగొందల ఇరవై అవుతుంది" అని చెప్పి బెత్తం కింద పెట్టాడు. ఆ ఇరవైమంది ఎవరో చెప్పలేదు. ఏ ఏడూ చెప్పేవాడు కాదు. పేర్లు చదివితే డబ్బు వస్తుంది, మనిషి మళ్లీ రాడు అనేవాడు. సభ అయ్యాక రేకు పెట్టె పక్కన రశీదు పుస్తకం తెరిచి కూర్చున్నాడు. చీకట్లో ఒక్కొక్కరే వచ్చి పన్నెండేసి రూపాయలు ఇచ్చి, రశీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లారు. ఆ రాత్రికి పదకొండుమంది.

*

అన్ని సభలూ ఇలా గడిచాయని కాదు. ఒక ఏడాది వార్షికోత్సవంలో కాఫీలకైన నాలుగు రూపాయల మీద రెండు గంటలు కొట్టుకున్నారు. అసలు అడగాల్సిన పద్దు అడగకుండానే పొద్దుపోయింది. ఆ అడగాల్సిన పద్దు అనామతు. వోచరు లేకుండా, తర్వాత లెక్క చెబుతానని ఎవరో పట్టుకెళ్లిన సొమ్ము అందులో కూర్చుంటుంది. అనామతు ఒక ఏడాది కనపడితే మరుపు, రెండో ఏడూ అదే అంకె కనపడితే మొహమాటం, మూడో ఏడు కనపడితే ఆ డబ్బు ఇక లేదు. ఒక పాత కార్యదర్శి పట్టుకెళ్లిన డెబ్భై అయిదు అలాగే మూడేళ్లు కూర్చుంది. నాలుగో ఏడు పెదనాన్న సొంత డబ్బు కట్టి ఆ వరస మూసేశాడు. అది మంచిపని అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. సభ ముందు పెట్టి రద్దు చేయించాల్సింది. మూసిపెట్టిన తప్పు ఇంకొకరికి దారి చూపిస్తుంది.

శాశ్వత సభ్యత్వం లెక్క కూడా తర్వాత తప్పింది. చందా పన్నెండు నుంచి ఇరవై నాలుగు అయింది. కొత్తగా చేరేవాళ్లకి శాశ్వత రుసుము పెంచారు గానీ పాతవాళ్ల డిపాజిట్ల మీద వడ్డీ పెరగలేదు. పాత శాశ్వత సభ్యులు ఎంతమంది ఉంటే గ్రంథాలయానికి ఏటా అంత లోటు. పెదనాన్న అది షీటు మీద చూపించాడు. అందరికీ అర్థమైంది. అయినా ఇచ్చిన మాట కదా, ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. లెక్క అర్థమైనంత మాత్రాన లోటు పూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం, సంఘం ఒకే మనిషి చూపు మీద నడవడం. ఆయనకి కంటి ఆపరేషను జరిగిన ఏడు చిట్టా నాలుగు నెలలు ఖాళీగా ఉండిపోయింది. రశీదుల నకళ్లు చూసి తిరిగి రాయడానికి నాకు వేసవి సెలవులన్నీ పట్టాయి.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఆ బాధ లేదు. నెలవారీ మెయింటెనెన్సు ఫోన్లోంచే కడతాం, కట్టిన క్షణమే ఎవరి పేరు పక్కన వాళ్లది పడుతుంది. అమెరికాలో ఉన్న ఓనరు కూడా పట్టిక చూడగలడు. 63ని 36గా రాసే చెయ్యే మధ్యలో లేదు. ఆ కుర్రాడు పగలంతా ఉద్యోగం చేసి రాత్రి ఇవన్నీ చూస్తున్నాడు, అతని నిజాయితీ మీద నాకు ఏ అనుమానమూ లేదు. వెనకటి రోజులు రావాలని నేను కోరుకోవడం లేదు. అయితే ఇప్పుడు పట్టికకి పాఠకులు ఉన్నారు, శ్రోతలు లేరు. ఫోను తెర మీద మనిషి ఒక్కడే చదువుతాడు, అర్థంకానిది దాటేస్తాడు. బెంచీ మీదైతే ఆ పక్కనున్నవాడు అడిగేసేవాడు, అడగనివాడికీ తెలిసేది.

పట్టికలో నేను దాటేసిన వరస ఒకటుంది. సెక్యూరిటీ జీతాలు, కరెంటు బిల్లు తర్వాత మూడో పెద్ద అంకె అదే: ఇతర ఖర్చులు. పెదనాన్న షీటులో ఆ పేరుతో పద్దే ఉండేది కాదు. ఒక్క తపాలా, స్టేషనరీ తప్ప ఏ రెండు ఖర్చులనీ ఒక పేరు కింద కలపనిచ్చేవాడు కాదు. లిఫ్టు రిపేరుకంటే ఎక్కువ ఉన్న ఈ అంకెలో ఏమేం ఉన్నాయో సెల్లార్‌లో కూర్చున్న మా అందరిలో ఒక్కరమూ అడగలేదు. నేనూ అడగలేదు.

రాత్రి భోజనమయ్యాక ఆ కుర్రాడికి ఫోను చేశాను. నొచ్చుకుంటాడేమోనని సంశయిస్తూనే అడిగాను. ఒక క్షణం ఏమీ మాట్లాడలేదు.

"అంకుల్, రెండేళ్లుగా చేస్తున్నా, ఇది అడిగిన మొదటి మనిషి మీరే" అన్నాడు. గొంతులో కోపం లేదు. "వోచర్లన్నీ ఫైలు చేసి పెట్టాను. ఇప్పుడు చదవమంటారా? టైమ్ పడుతుంది."

చదవమన్నాను. పెన్నూ కాగితం దగ్గరికి లాక్కున్నాను. అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది.

"ఏప్రిల్ ఆరు. పెద్ద చీపుర్లు నాలుగు, ఫినాయిలు డబ్బా ఒకటి..."